కొరికితే నాదం సన్నబడుతుంది

వేణువు పట్టుకున్న కొత్తలో చాలామందికి మొదటి స్వరం పలకడానికే రోజులు పడుతుంది. ఆల్టో సాక్సోఫోన్ అలా ఏడిపించదు. మెడలో పట్టీ తగిలించుకుని, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదితే మొదటి పూటే ఏదో ఒక మోత వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆ మోత స్వరమై నిలవదు. ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది. మధ్యలో కీచుమంటుంది. కింది స్వరాలు గొణుగుతాయి, పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఇంట్లోవాళ్లు మెల్లగా తలుపు దగ్గరకు వేసుకుంటారు.

అప్పుడు చాలామంది వాయిద్యాన్ని అనుమానిస్తారు. ఇంకొందరు దుకాణానికి వెళ్లి మరో నంబరు రీడ్ల పెట్టె తెచ్చుకుంటారు. వాయిద్యంలో లోపం ఉండే సందర్భాలు లేకపోలేదు, వాటి సంగతి తర్వాత చూద్దాం. నేర్చుకునేవాళ్లలో నూటికి తొంభైమందికి తేడా వచ్చేది మాత్రం నోటికీ రీడుకీ మధ్యనే. పెదవి పట్టు ఒక పాఠం, రీడు ఎంపిక ఇంకో పాఠం అని విడదీసి చెబుతుంటారు గానీ, నా లెక్కలో ఆ రెండూ ఒకటే పాఠం. తప్పు రీడు పెట్టుకున్నవాడికి సరైన పట్టు కుదరదు, పట్టు కుదరనివాడికి ఏ రీడూ నచ్చదు.

ముందు నాదం ఎక్కడ పుడుతుందో చూద్దాం. సాక్సోఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా సంగీతకారులు దాన్ని క్లారినెట్‌తో పాటు కర్ర వాయిద్యాల జాబితాలోనే వేస్తారు. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న ఈ వాయిద్యంలో అదిరేది ఇత్తడి కాదు, మౌత్‌పీస్ అడుగున బిగించిన రెల్లు పలక. మన సన్నాయిలో రెండు రెల్లు ముక్కలు ఒకదానికొకటి ఎదురుగా అదురుతాయి. సాక్సోఫోన్‌లో ఒక్క పలకే ఉంటుంది, రెండోవైపు మౌత్‌పీస్ గట్టి అంచు ఉంటుంది. పలక కొసకీ ఆ అంచుకీ మధ్య సన్నటి సందు వదిలి ఉంటుంది. కొత్తవాళ్లకు ఎక్కువగా ఇచ్చే యమహా 4సి మౌత్‌పీస్‌లో ఆ సందు 1.7 మిల్లీమీటర్లు. సెల్మర్ సి-స్టార్‌లోనూ అంతే.

మీరు ఊదిన గాలి ఆ సందులోంచి లోపలికి పోతూ రీడును అంచు వైపు నెడుతుంది. రీడు తన బిగువు కొద్దీ వెనక్కి వస్తుంది. గొట్టంలోని గాలి స్తంభం దానికి లయ ఇస్తుంది. మధ్య స్థాయి స్వరాల్లో ఈ తెరుచుకోవడం, మూసుకోవడం సెకనుకు కొన్ని వందలసార్లు జరుగుతుంది. ఇందులో పెదవి చేయాల్సినవి రెండే. గాలి పక్కలకు పోకుండా మూయాలి. రీడు అదురును ఒక మెత్తటి దిండు మీద పట్టుకోవాలి. అంతకు మించి కింది దవడతో రీడును పైకి నొక్కితే ఆ 1.7 మిల్లీమీటర్ల సందు సగానికి పడిపోతుంది. రీడుకు ఊగడానికి చోటుండదు. శ్రుతి పైకి జరుగుతుంది, నాదంలోని కింది వరసలు రాలిపోయి గీరు మాత్రం మిగులుతుంది. సాక్సోఫోన్ గురువులు రోజుకు పదిసార్లు ‘కొరక్కు’ అనేది దీని గురించే.

పట్టు ఎలా ఉండాలో ఇప్పుడు చెప్పుకుందాం. పై పళ్లు నేరుగా మౌత్‌పీస్ పైభాగం మీద ఆనాలి. జారకుండా అక్కడ ఒక చిన్న రబ్బరు పట్టీ అతికించుకుంటే పళ్లకు అదురు తగలదు. కింది పెదవి కింది పళ్ల మీదికి కొద్దిగా మడవాలి. పెదవి ఎర్రభాగంలో సగం లోపలికి, సగం బయటికి ఉంటే చాలు. మొత్తం లోపలికి మడిచేస్తే రీడు కింద గట్టి చర్మం వచ్చి నాదం మూగబోతుంది. నవ్వేటప్పుడు సాగినట్టు పెదవి మూలలు సాగనివ్వకూడదు, మధ్యకు రావాలి. అమెరికాలో సాక్సోఫోన్ పాఠాలకు పెద్ద దిక్కుగా నిలిచిన లారీ టీల్ 1963లో అచ్చయిన తన పుస్తకంలో పెదవుల కండరాలు మౌత్‌పీస్ చుట్టూ వలయంగా పనిచేయాలని చెబుతాడు. సంచి మూతికి ఉన్న తాడు లాగితే అన్ని వైపుల నుంచీ సమానంగా ముడుచుకుంటుంది చూడండి, అలా. బలం మూలల్లో ఉంటుంది, కింది దవడలో ఉండదు. గడ్డం ముడతలు పడి పైకి లేస్తోందంటే దవడ నొక్కుతోందని గుర్తు. అద్దం ముందు నిలబడి ఊదితే ఇది ఇట్టే కనిపిస్తుంది.

మౌత్‌పీస్ ఎంత లోపలికి పెట్టుకోవాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. సెంటీమీటరు, ఇంకాస్త ఎక్కువ అని నోటితో చెప్పవచ్చు గానీ ఒక్కో మౌత్‌పీస్ వంపు ఒక్కోలా ఉంటుంది. ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఉంది. రీడు బిగించిన మౌత్‌పీస్‌ను పక్కనుంచి చూస్తే కొస దగ్గర రీడుకీ మౌత్‌పీస్‌కీ ఎడం ఉండి, కిందికి వచ్చేకొద్దీ ఆ ఎడం కలిసిపోతుంది. ఒక పలుచటి కాగితం ముక్కను కొసవైపు నుంచి ఆ ఎడంలోకి మెల్లగా జార్చండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడ రీడు మీద పెన్సిలుతో సన్నటి గీత పెట్టండి. రీడు వంగడం మొదలయ్యేది అక్కడే. కింది పెదవి ఆనాల్సిందీ అక్కడే. కొత్తవాళ్లు దాదాపు అందరూ దీనికన్నా తక్కువే పెట్టుకుంటారు. కొస మీద పెదవి పడితే రీడు అదిరే భాగాన్నే నొక్కినట్టవుతుంది, నాదం చిన్నదై ముక్కులోంచి వచ్చినట్టుంటుంది. గీత దాటి మరీ లోపలికి పెట్టుకుంటే పట్టు తప్పి కీచుమంటుంది, నాదం గరుకవుతుంది. ఒకసారి కావాలనే కీచుమనేదాకా లోపలికి పెట్టుకుని, అక్కడినుంచి కొద్దికొద్దిగా వెనక్కి రండి. నిండుగా పలికే చోటు మీకే తెలుస్తుంది.

మెడపట్టీ సంగతి చిన్నదే గానీ మరిచిపోతే పట్టంతా చెడుతుంది. తల నిటారుగా పెట్టి నిలబడితే మౌత్‌పీస్ తనంతట తాను నోటి దగ్గరికి రావాలి. పట్టీ వదులుగా ఉంటే తల వంచాల్సి వస్తుంది, వాయిద్యం బరువు కింది పెదవి మీద పడుతుంది. క్లారినెట్ నుంచి వచ్చినవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. మన దగ్గర బ్యాండు మేళాల్లో రెండూ వాయించేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. క్లారినెట్‌ను కిందికి వాల్చి పట్టుకుంటారు, దానికి పెదవి బిగువు ఎక్కువ కావాలి. ఆల్టో మౌత్‌పీస్ నోట్లోకి దాదాపు అడ్డంగా వస్తుంది, బిగువు అంత అక్కర్లేదు. క్లారినెట్ బిగువునే ఇక్కడికి తెస్తే శ్రుతి పైకి పోతుంది, ఎంత బాగా వాయించేవాళ్లయినా సరే.

‘నేను కొరుకుతున్నానా లేదా?’ అన్నది తనకు తాను తెలుసుకోవడం కష్టం. నోటి లోపల జరిగేది కనిపించదు. అందుకని చాలామంది గురువులు వాడే కొలత ఒకటుంది, ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే చాలు. మౌత్‌పీస్‌ను వాయిద్యం నుంచి తీసి, దాన్నొక్కదాన్నే మామూలు పట్టుతో మామూలు బలంతో ఊదండి. ఆల్టోకి యాప్ తెర మీద A కనబడాలి. అది సెకనుకు 880 సార్లు అదిరే స్వరం. వినడానికి సొంపుగా ఏమీ ఉండదు, బాతు అరిచినట్టే ఉంటుంది. A కన్నా పైన B, C అని చూపిస్తుంటే దవడ నొక్కుతోంది. G వైపు దిగిపోతుంటే పట్టు మరీ వదులుగా ఉంది. తర్వాత మౌత్‌పీస్‌ను మెడగొట్టానికి తగిలించి ఆ రెండింటినే ఊదండి. ఈసారి తెర మీద G# కనబడాలి. జాజ్ వాయించేవాళ్లు దీనికన్నా కిందనే ఊదుతారు, అది వాళ్ల నాదానికి కావాలి. కొత్తవాళ్లకు A, G# అనే ఈ రెండు గుర్తులే మంచి ఆధారం.

ఇక రీడు. అది ఫ్యాక్టరీలో పోతపోసిన వస్తువు కాదు. వెదురులా గణుపులుండే రెల్లును కోసి, ఎండబెట్టి, చీల్చి, చెక్కి చేస్తారు. ఫ్రాన్స్ దక్షిణాన వార్ ప్రాంతం దీనికి పేరుపొందింది. ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్న రెండు రీడ్లు ఒకేలా పలకకపోవడానికి కారణం ఇదే. కొత్తగా కొన్న పది రీడ్లలో కొన్ని హాయిగా పలుకుతాయి, కొన్ని సర్దుకుంటే పలుకుతాయి, ఒకటో రెండో మొండిగా మిగిలిపోతాయి. తయారీదారు మోసం చేశాడని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు.

రీడు మీద ముద్రించిన రెండు, రెండున్నర, మూడు అనే అంకెలు మందాన్ని చెబుతాయని చాలామంది అనుకుంటారు. ఒకే రకం రీడ్లన్నీ దాదాపు ఒకే కొలతకు చెక్కుతారు. తేడా రెల్లు బిగువులో ఉంటుంది. చెక్కిన తర్వాత ఎంత తేలిగ్గా వంగుతుందో కొలిచి అంకె వేస్తారు. ఆ అంకె కూడా కంపెనీని బట్టి మారుతుంది. వాండొరెన్ నీలం పెట్టెలోని రెండు, నారింజరంగు రికో పెట్టెలోని రెండున్నరకు దగ్గరగా ఉంటుంది. వాండొరెన్ వాళ్లదే ఆకుపచ్చ జావా పెట్టె ఇంకో తీరు, అదే అంకె మీద నీలం పెట్టెకన్నా మెత్తగా అనిపిస్తుంది. ‘మా సార్ రెండున్నర వాడమన్నారు’ అని దుకాణంలో అడిగితే సరిపోదు. ఏ పెట్టెలోని రెండున్నరో కూడా చెప్పాలి.

మౌత్‌పీస్ సందుకీ రీడు బిగువుకీ లంకె ఉంది. సందు ఎక్కువగా ఉంటే రీడు ఎక్కువ దూరం వంగాలి కాబట్టి మెత్తటిది కావాలి. సందు తక్కువైతే కాస్త బిగువైనదాన్ని ఓర్చుకోవచ్చు. 4సి లాంటి మౌత్‌పీస్ మీద కొత్తవాళ్లకు వాండొరెన్ నీలం పెట్టెలో రెండు, రికోలో రెండు లేదా రెండున్నర సరైన మొదలు. ఒకటిన్నర చిన్నపిల్లలకు పనికొస్తుంది. పెద్దవాళ్లు కాస్త బలంగా ఊదితే అది అంచుకు అతుక్కుపోయి నాదం ఆగిపోతుంది, పై స్వరాలు దిగజారుతాయి. మూడు, మూడున్నర పెద్ద కళాకారులు వాడతారన్నది నిజమే. వాళ్ల గాలి నిలకడ, పెదవి మూలల బలం ఏళ్ల తరబడి వచ్చినవి.

బిగువైన రీడు కొత్తవాళ్లకు ఎలా ద్రోహం చేస్తుందో చెప్పడానికి ఒక అబ్బాయి సంగతి చెబుతాను. విజయవాడలో ఇంటర్ చదువుతున్నాడు. తొలి పాఠాలు వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కొత్త వాయిద్యం, దానితోపాటే వచ్చిన 4సి మౌత్‌పీస్. రీడు మాత్రం నీలం పెట్టెలోని మూడో నంబరు.

“మూడు ఎందుకు కొన్నావు?” అని అడిగాను.

“మెత్తది వాడితే నాదం పల్చగా వస్తుందన్నారు సార్. మూడైతే నిండుగా ఉంటుందట” అన్నాడు.

ఊదమన్నాను. ప్రతి స్వరం కిందా బుసబుసమని గాలి వినిపిస్తోంది. పై ‘జి’ దగ్గర శ్రుతి పైకి ఎగబాకింది. కింది ‘డి’ రెండుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి పలికింది. కాసేపటికి వాయిద్యం దించి కింది పెదవి తడుముకున్నాడు. లోపలివైపు పళ్ల గాట్లు ఎర్రగా కనిపించాయి. మౌత్‌పీస్ ఒక్కటే ఊదమంటే తెర మీద C కనబడింది, ఉండాల్సినదానికన్నా మూడు మెట్లు పైన. “దవడ కిందికి వదులు, మూలలు మాత్రం వదలకు. A దాకా దించు చూద్దాం” అన్నాను. దించాడు. A దగ్గరికి రాగానే స్వరం పోయి ఉత్త గాలి మిగిలింది.

ఆ ఉత్త గాలిలోనే విషయమంతా ఉంది. మూడో నంబరు రీడు అదరాలంటే బలమైన గాలి కావాలి, అతని దగ్గర ఇంకా అంత లేదు. గాలి చాలనప్పుడు దవడతో సందు మూస్తే తక్కువ గాలికే రీడు అదురుతుంది. అలా కొరకడం అతనికి తెలియకుండానే అలవాటైంది. రీడు మార్చకుండా ‘కొరక్కు’ అని ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం ఉండేది కాదు, కొరక్కపోతే పలకని రీడు అది.

రెండో నంబరు పెట్టించాను. అలవాటు కొద్దీ మొదట్లో కొరికే ఊదాడు. మూడుతో వచ్చినదానికన్నా అధ్వానంగా సన్నగా, కీచుగా వచ్చింది. “చూశారా సార్, మెత్తది ఇలాగే ఉంటుంది” అన్నాడు. చాలామంది సరిగ్గా ఇక్కడే మెత్తటి రీడును పక్కన పడేసి మళ్లీ మూడుకు వెళ్లిపోతారు. కాగితం పెట్టి చూస్తే అతను ఉండాల్సినదానికన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుంటున్నాడని తేలింది. గీత దాకా జరిపించి, మళ్లీ మౌత్‌పీస్ ఒక్కదాన్నే ఊదించాను. ఈసారి B, తర్వాత A. మొదట A దగ్గర రెండు మూడు క్షణాలకు మించి నిలవలేదు, పైకి జారేది. మెడగొట్టం తగిలిస్తే G# కాస్త తేలిగ్గా దొరికింది. ఆ పట్టునే వాయిద్యానికి తెచ్చి మూడు వేళ్ల ‘జి’ ఊదితే గదిలో శబ్దం మారింది. బుస తగ్గింది. అంతకుముందు లేని ఒక ఛాతీ నాదం వచ్చింది. కింది ‘డి’ అడగ్గానే పలికింది.

ఆ తర్వాత రోజూ సాధన మొదట్లో మౌత్‌పీస్ A, మెడగొట్టం G# సరిచూసుకోవడం అతనికి నియమమైంది. రెండో నంబరు మీద పట్టు కుదిరి, గట్టిగా ఊదినప్పుడు రీడు మూసుకుపోతున్నట్టు అనిపించడం మొదలయ్యాక రెండున్నరకు మార్చాం. నంబరు పెంచడానికి సరైన కారణం అదొక్కటే. కొరక్కుండా ఊదుతున్నా రీడు గాలికి లొంగిపోతోందా అని చూడాలి. తోటివాళ్లు ఎంత వాడుతున్నారన్నది అనవసరం.

నాదం నిలకడకు ఆ తర్వాతి పని దీర్ఘ స్వరాలు. దీనికి మనవాళ్ల దగ్గర మంచి సాధనమే ఉంది. తంబుర యాప్‌లో సి శ్రుతి పెట్టుకోండి. ఆల్టోలో ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు నొక్కి ‘ఎ’ ఊదితే వినిపించేది ఆ షడ్జమమే. ఆల్టో సాక్సోఫోన్‌లో కాగితం మీద రాసే పేరుకూ, వినిపించే స్వరానికీ మధ్య ఇలా ఎప్పుడూ తేడా ఉంటుంది. ‘ఎ’ ఊదితే ట్యూనర్ C చూపించిందని వాయిద్యం పాడైందనుకోవద్దు. తంబురతో కలిసి ఆ స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టండి. శ్రుతి కలవకపోతే రెండు నాదాల మధ్య ఒక ఊగు వినిపిస్తుంది. కలిసేకొద్దీ ఆ ఊగు నెమ్మదించి ఆగిపోతుంది. తరువాత చిన్నగా మొదలుపెట్టి పెంచి, మళ్లీ తగ్గించండి. తగ్గించేటప్పుడే అసలు పరీక్ష. గాలి తగ్గించడం చేతకాక దవడ నొక్కితే శ్రుతి పైకి పోతుంది, ఊగు మళ్లీ మొదలవుతుంది. చెవి పట్టేస్తుంది.

ఇంకొక పరీక్షకు పక్కన ఒకరు కావాలి. మీరు కింది ‘జి’ పట్టండి. మీకు చెప్పకుండా వాళ్లు ఎడమ బొటనవేలి దగ్గరి ఆక్టేవ్ మీట నొక్కి వదులుతూ ఉండాలి. మీ నోరు ఏమీ చేయకుండానే స్వరం పై స్థాయికి దూకి, మీట వదలగానే కిందికి రావాలి. వదిలినా పైనే వేలాడుతుంటే దవడ బిగుసుకుందన్నమాట.

కర్ణాటక సంగీతాన్ని ఆల్టో సాక్సోఫోన్ మీద నిలబెట్టిన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాయిద్యం విని ఆకర్షితుడయ్యాడు. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. ఆయన గమకాలు విని, ఆ జారుళ్ల కోసం తొలినాళ్లలోనే పెదవిని అటూ ఇటూ ఆడించే కుర్రాళ్లు ఉన్నారు. ఆగమంటాను. ఒక స్వరం మీద కదలకుండా నిలబడగలిగినవాడి పెదవి కదిలితేనే అది గమకం, లేకపోతే అపశ్రుతి.

పెట్టెలోంచి రీడు తీశాక ఏం చూడాలో కూడా చెబుతాను. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చెక్కిన భాగంలో మధ్యన చిక్కటి నీడ, తిరగేసిన ‘వి’ ఆకారంలో, కనిపిస్తుంది. రెండువైపులా ఆ నీడ సమానంగా ఉంటే రీడు సమంగా అదురుతుంది. ఒకవైపుకే ఒరిగితే మొండికేసే అవకాశం ఎక్కువ. వెనుకవైపు తోలు బంగారు పసుపు రంగులో ఉండాలి. ఆకుపచ్చ ఛాయ ఉంటే రెల్లు సరిగ్గా పండలేదు. కొస జుట్టంత సన్నగా, మిల్లీమీటరులో పదోవంతు మందం ఉంటుంది. చొక్కా అంచు తగిలినా చిట్లుతుంది, చిట్లిన రీడు ఇక పనికిరాదు.

బిగించే ముందు రీడును ఒకటి రెండు నిమిషాలు నీళ్లలో గానీ నోట్లో గానీ తడపాలి. లిగేచర్‌ను ముందు మౌత్‌పీస్‌కు తొడిగి, తర్వాత రీడును దాని కిందికి జార్చడం మంచిది. రీడు పెట్టాక లిగేచర్ తొడగబోతే కొస పగులుతుంది. కొసను మౌత్‌పీస్ అంచుతో కలపండి. ఎదురుగా చూస్తే రీడు పైన నల్లటి వెంట్రుకంత గీత మిగలాలి. రీడు కాస్త బిగువుగా అనిపిస్తే అక్కడినుంచి వెంట్రుకవాసి కిందికి, మరీ మెత్తగా ఉంటే వెంట్రుకవాసి పైకి జరిపి చూడండి. అర నంబరు మార్చినంత పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు. బ్లేడుతో గీకి, ఇసుకకాగితంతో రుద్ది సరిచేసే పని మాత్రం గురువు చేతిలో ఉంచండి.

ఒకే రీడును అరిగేదాకా వాడి ఇంకోటి తీయడం తప్పు పద్ధతి. మూడు నాలుగు రీడ్లను వంతులవారీగా తిప్పాలి. కొత్త రీడును మొదటి కొద్దిరోజులు కాసేపే ఊదాలి. వాడాక కడిగి, తుడిచి, చదునుగా ఉండే డబ్బాలో పెట్టాలి. మౌత్‌పీస్ మీదే వదిలేస్తే కొస అలలు అలలుగా వంకర తిరుగుతుంది. వైశాఖ మాసపు ఎండలోనో, హైదరాబాదులో ఏసీ గదిలోనో ఉంచిన రీడు ఇలాగే చేస్తుంది. అప్పుడు ఇంకాసేపు తడిపి, చదునైన గాజు మీద వేలితో మెల్లగా అదిమితే చాలాసార్లు దారికి వస్తుంది. కోస్తాలో వానాకాలం కష్టం వేరు. తడి ఆరకుండా మూసిపెడితే బూజు పడుతుంది, నల్లమచ్చలు వచ్చిన రీడును నోట్లో పెట్టుకోకండి. ఈ బాధలేమీ పడలేమనుకునేవాళ్లకు లెజేర్ లాంటి ప్లాస్టిక్ జాతి రీడ్లున్నాయి. తడపక్కర్లేదు, రోజుకో తీరుగా ఉండవు. ఒక్కటే చాలా ఖరీదు కాబట్టి ఏ నంబరు మీకు కుదిరిందో రెల్లు రీడు మీద తేల్చుకున్నాకే అటు వెళ్లండి.

చివరిగా, వాయిద్యానిదే తప్పయిన సందర్భం. మౌత్‌పీస్ A, మెడగొట్టం G# రెండూ నిలకడగా వస్తున్నా కింది స్వరాలు గొణుగుతుంటే, మీ పట్టును ఇక అనుమానించకండి. ఎక్కడో ఒక ప్యాడ్ సరిగ్గా మూసుకోవడం లేదు, గాలి కారుతోంది. బాగా వాయించేవాళ్లెవరినైనా వాళ్ల మౌత్‌పీస్‌తో మీ వాయిద్యం ఊదమనండి. వాళ్లకూ కింది ‘డి’, ‘సి’ గొణిగితే మరమ్మతు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లకు హాయిగా పలికితే మాత్రం ఇంటికి వచ్చి మౌత్‌పీస్ ఒక్కటే తీసి, ట్యూనర్ ముందు కూర్చోండి. ఈలోగా కొత్త పెట్టె కొనకండి.